అమ్మకు ప్లేట్‌లెట్స్ 14 లక్షలు: ఒక డాక్టర్ ఆస్పిరిన్ వేయమన్నారు, ఇంకొకరు ఆపమన్నారు

శీను_అనంతపురం
అమ్మకు 57 ఏళ్లు. కంట్లో శుక్లం ఆపరేషన్‌కు ముందు చేసే మామూలు రక్తపరీక్షలో ప్లేట్‌లెట్స్ 14 లక్షల 20 వేలు అని వచ్చింది. మిషన్ తప్పేమో అనుకుని ఇంకో ల్యాబులో చేయించాం, నెల ఆగి మళ్లీ చేయించాం. అటూ ఇటూగా అంతే. హిమోగ్లోబిన్ 12.4, తెల్లకణాలు 11 వేలు. ఇక్కడి డాక్టరుగారు రక్తం గడ్డ కట్టే ప్రమాదం ఉందని ఆస్పిరిన్ 75 మొదలుపెట్టారు. కొన్నాళ్లకే ముక్కులోంచి రక్తం కారడం మొదలైంది. పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి వస్తోంది. గాజులు ఒత్తుకున్న చోటల్లా చర్మం నల్లగా కమిలిపోతోంది.

బెంగళూరులో హెమటాలజిస్టుకు చూపించాం. జీన్ టెస్టులో జాక్2 నెగెటివ్, క్యాల్‌ఆర్ పాజిటివ్. బోన్ మ్యారో కూడా చేసి ఎసెన్షియల్ థ్రాంబోసైథీమియా అని రాశారు, ఎముక మజ్జ అదుపు లేకుండా ప్లేట్‌లెట్స్ తయారుచేసే జబ్బట. ఆస్పిరిన్ వెంటనే ఆపేయమన్నారు. వాన్ విల్లిబ్రాండ్ అని ఇంకో టెస్టు రాశారు, అది ఇంకా చేయించలేదు.

ఒకరేమో గడ్డ కడుతుంది అంటారు, ఇంకొకరేమో రక్తం కారుతుంది అంటారు. ఒకే మనిషికి రెండూ ఎట్లా? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

పెద్దవడుగూరు_రైతు
బొప్పాయి ఆకు రసం తాపించు. మా చిన్నోడికి డెంగ్యూలో 18 వేలకు పడిపోతే రోజూ రెండు పూటలా ఇచ్చినాం, లేచి కూర్చున్నాడు.

తాడిపత్రి_పద్మ
పెద్దాయనా, వాళ్లకు పెరగడం కాదు, తగ్గడం కావాల. 14 లక్షలు సామీ, 14 వేలు కాదు.

పెద్దవడుగూరు_రైతు
అంత ఉంటుందా మనిషికి? నేను సున్నాలు సరిగా చూడలేదు.

ప్రొద్దుటూరు_సుబ్బు
ఇందులో అర్థం కానిదేముంది. ప్లేట్‌లెట్స్ పనే గడ్డ కట్టించడం. మూడు లక్షలు ఉండాల్సిన చోట 14 లక్షలు ఉంటే నాలుగింతలు గడ్డలు కడతాయి. మా మామకు స్టెంట్ వేసినాక ఆస్పిరిన్ ఒక్కరోజు కూడా మానొద్దన్నారు. ముక్కులోంచి నాలుగు చుక్కలు వచ్చాయని ఆపేస్తే రేపు పక్షవాతం వస్తే ఎవరు బాధ్యులు? ఇంకో డాక్టర్ను అడగండి.

కడప_జిలానీ
సుబ్బన్నా, నాలుగింతల లెక్క నా విషయంలో తప్పింది. నాకు అదే జబ్బు, జాక్2 పాజిటివ్. 39 ఏళ్లప్పుడు బయటపడింది. కడుపు ఉబ్బరం, కుడివైపు నొప్పి అని గ్యాస్ మాత్రలు మింగుతూ కాలం గడిపాను. స్కానింగ్ చేస్తే కాలేయానికి పోయే పెద్ద సిరలో గడ్డ. ఆ రోజు నా ప్లేట్‌లెట్స్ ఎన్నో తెలుసా, 6 లక్షల 20 వేలు. శీను వాళ్లమ్మకు ఉన్నవాటిలో సగం కూడా లేవు. అయినా గడ్డ నాకే కట్టింది.

శీను_అనంతపురం
మరి సంఖ్యకు అర్థం ఏమన్నట్టు? ఆమెకు కాలు నొప్పి, తిమ్మిరి, చూపు మసక ఇట్లాంటివి ఏమీ లేవు. రక్తం కారడం ఒక్కటే.

స్లైడ్_మేడం_కర్నూలు
నేను పాథాలజిస్టును, ఈ స్లైడ్లు చాలానే చూశాను. మీ ప్రశ్న సరైనదే, దీంట్లో చాలామంది తికమకపడేది ఇక్కడే.

ముందు సంఖ్య ఎందుకు తగ్గడం లేదో చెప్తాను. కాలేయం థ్రాంబోపోయిటిన్ అనే హార్మోన్ను దాదాపు ఒకే వేగంతో తయారుచేస్తూ ఉంటుంది. ఎముక మజ్జలో ప్లేట్‌లెట్లను పుట్టించే పెద్ద కణాలకు అది అందితే అవి పని చేస్తాయి. రక్తంలో ప్లేట్‌లెట్లు ఎక్కువైతే అవే ఆ హార్మోన్ను పట్టుకుని మింగేస్తాయి, మజ్జకు అందేది తగ్గుతుంది, ఉత్పత్తి తగ్గుతుంది. ఆరోగ్యవంతుల్లో లెక్క ఇట్లా సర్దుకుంటుంది. ఈ జబ్బులో హార్మోన్ను అందుకునే తలుపే చెడిపోయి, హార్మోన్ రాకపోయినా తెరిచే ఉంటుంది. జాక్2 మార్పు ఆ తలుపు లోపలివైపు సంకేతాన్ని ఆపకుండా పంపిస్తుంది. క్యాల్‌ఆర్ మార్పు వచ్చిన ప్రోటీన్ నేరుగా పోయి ఆ తలుపుకే అతుక్కుని దాన్ని తెరిచేస్తుంది. ఎంపీఎల్ మార్పయితే తలుపులోనే లోపం. జాక్2 సంగతి 2005లో, క్యాల్‌ఆర్ సంగతి 2013లో బయటపడ్డాయి. పుట్టుకతో వచ్చిన మార్పు కాదు, మజ్జలో ఒక కణంలో మధ్యలో వచ్చి దాని పిల్లకణాలకు పాకుతుంది. కాబట్టి అమ్మ ఏం తిన్నా, ఏం మానేసినా దీని లెక్క మారదు.

పెద్దవడుగూరు_రైతు
అర్థమైంది మేడం. మా తోటలో బోరుకు ఆటో స్టార్టర్ పెట్టినట్టు. తొట్టి నిండి పొర్లుతున్నా మోటారు ఆగదు.

స్లైడ్_మేడం_కర్నూలు
సరిగ్గా అంతే.

ఇప్పుడు సుబ్బుగారి లెక్క. ఎక్కువ ప్లేట్‌లెట్స్ అంటే ఎక్కువ గడ్డలు అని అందరం అనుకుంటాం, కానీ పేషెంట్లను ఏళ్ల తరబడి గమనించి చూసినవాళ్లకు ఆ సంబంధం దొరకలేదు. గడ్డ కట్టే ప్రమాదాన్ని చెప్పేవి వేరే ఉన్నాయి. ఇదివరకు ఎప్పుడైనా గడ్డ కట్టిందా, వయసు 60 దాటిందా, జాక్2 ఉందా. ఈ మూడూ చూస్తారు. వాటితో పాటు బీపీ, షుగర్, పొగ తాగడం. జాక్2 ఉంటే తెల్లకణాలు కూడా రెచ్చిపోయి రక్తనాళం లోపలి పొరకు అతుక్కుంటాయి, అందుకే జిలానీగారికి ఆరు లక్షలకే గడ్డ కట్టింది. అమ్మకు 57, గడ్డ ఎప్పుడూ లేదు, జాక్2 లేదు. గడ్డల వైపు నుంచి చూస్తే ఆమెది అన్నిటికన్నా తక్కువ ప్రమాదం ఉన్న వర్గం.

రక్తం కారే వైపు మాత్రం సంఖ్యకే విలువ. పది లక్షలు దాటిన దగ్గర్నుంచి ఆ భయం మొదలవుతుంది. వాన్ విల్లిబ్రాండ్ అనే ప్రోటీన్ పొడుగాటి గొలుసులుగా రక్తంలో తిరుగుతుంటుంది. గాయం అయినచోట గోడకూ ప్లేట్‌లెట్లకూ మధ్య అతుకు వేసేది అదే. గొలుసు ఎంత పొడుగుంటే అంత గట్టిగా పట్టుకుంటుంది. ప్లేట్‌లెట్లు మరీ ఎక్కువైతే ఆ పొడుగాటి గొలుసుల్ని అవే లాక్కుంటాయి, ఈలోపు రక్తంలోని ఒక ఎంజైము వాటిని ముక్కలు చేస్తుంది. మిగిలేవి పొట్టి ముక్కలు. లక్షల్లో ప్లేట్‌లెట్లు ఉన్నా వాటిని గాయానికి అంటించేది లేదు. దానిపైన ఆస్పిరిన్ వేస్తే ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అంటుకునే గుణం కూడా తగ్గుతుంది. మీ అమ్మగారికి జరిగింది ఇదే అయ్యుండొచ్చు. అందుకే ఆ టెస్టు రాశారు.

ప్రొద్దుటూరు_సుబ్బు
మరి పీటీ, ఏపీటీటీ అని గడ్డకట్టే టెస్టులు ఉన్నాయి కదా. అవి నార్మల్‌గా ఉంటే చాలదా?

స్లైడ్_మేడం_కర్నూలు
చాలదు. ఈ లోపంలో అవి నార్మల్‌గానే రావచ్చు, చాలాసార్లు అట్లాగే వస్తాయి. ప్రోటీన్ మొత్తం ఎంత ఉందో కొలిచినా దాదాపు సరిగానే కనబడుతుంది, ఎందుకంటే ముక్కలు కూడా లెక్కలోకి వస్తాయి. అది పని చేస్తోందా అని చూసే పరీక్ష ఒకటి ఉంది, రిస్టోసెటిన్ కోఫాక్టర్ యాక్టివిటీ అంటారు. మొత్తం బాగానే ఉండి పని మాత్రం బాగా పడిపోయి ఉంటే అనుమానం తీరినట్టే. యాక్టివిటీ 30 శాతం కంటే తక్కువ ఉంటే ఆస్పిరిన్ ఇవ్వకూడదని సాధారణంగా పాటిస్తారు.

శీనూ, ఒక్క జాగ్రత్త. ఆ రక్తం నీలం మూత ట్యూబులో గీత వరకు నిండుగా తీయాలి. ఆ ట్యూబును ఐసులో పెట్టి పంపకూడదు. చల్లబడితే పొడుగు గొలుసులు అందులోనే తగ్గిపోయి, లేని లోపం ఉన్నట్టు రిపోర్టు వస్తుంది. అనంతపురంలో తీసి బస్సులో పంపించే బదులు, ల్యాబు ఉన్న చోటికే అమ్మను తీసుకెళ్లి ఇప్పించండి.

తాడిపత్రి_పద్మ
ఇది చదివి భయపడుతున్నవాళ్ల కోసం ఒక మాట. నాకూ ప్లేట్‌లెట్స్ 6 లక్షల 40 వేలు వచ్చి ఇంట్లో ఏడుపులు. ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే ఫెరిటిన్ టెస్టు చేస్తే 5, బాగా తక్కువ. రక్తహీనత వల్లే పెరిగాయట. ఐరన్ వాడితే మూడు నెలల్లో 3 లక్షల 10 వేలకు వచ్చాయి. మీకూ అంతే అయ్యుండొచ్చు శీను.

స్లైడ్_మేడం_కర్నూలు
పద్మా, నీ విషయంలో అది నిజం. ప్లేట్‌లెట్స్ పెరిగి వచ్చేవాళ్లలో ఎక్కువమంది నీలాంటివాళ్లే. ఇనుము లోపం, ఇన్ఫెక్షను, ఎక్కడో వాపు, ప్లీహం తీసేయడం, ఇవన్నీ పెంచుతాయి. శీను వాళ్లమ్మకు మాత్రం జీన్ మార్పు దొరికింది, మజ్జ కూడా చూశారు. ఐరన్ మాత్రలతో ఇది పోదు.

కడప_జిలానీ
మేడం, నాకు మజ్జ పరీక్ష చేయలేదు. జాక్2 చాలన్నారు. మీ శీను వాళ్లకు మాత్రం ఎందుకు చేసినట్టు?

స్లైడ్_మేడం_కర్నూలు
మజ్జలో నారపోగులు పేరుకునే మైలోఫైబ్రోసిస్ అనే ఇంకో జబ్బు మొదటి దశలో రక్తపరీక్షలో అచ్చం ఇట్లాగే కనబడుతుంది. రెంటికీ మున్ముందు నడక వేరు. తేడా తెలిసేది మజ్జలో ఆ పెద్ద కణాల ఆకారం, వాటి చుట్టూ నారపోగుల తీరు చూస్తేనే. చేయించాలనే నేను అంటాను. మీకు గడ్డ ముందు బయటపడింది కాబట్టి ముందు దానికి వైద్యం మొదలుపెట్టి ఉంటారు. మీ డాక్టర్ను ఇప్పుడైనా అడగండి.

శీను_అనంతపురం
ఇంకో గొడవ వచ్చిపడింది. నిన్న రక్తపరీక్షలో పొటాషియం 6.3. ల్యాబువాళ్లే ఫోన్ చేసి వెంటనే ఎమర్జెన్సీకి పొమ్మన్నారు. కిడ్నీలు పోయాయేమో అని నాన్న కుప్పకూలిపోయాడు. ఈసీజీ నార్మల్‌గా ఉంది, క్రియాటినిన్ 0.8.

స్లైడ్_మేడం_కర్నూలు
ఈసీజీ తీయించి మంచి పని చేశారు. మొదట చేయాల్సింది అదే. ఇప్పుడు పొటాషియం మళ్లీ చేయించండి, కానీ ఈసారి గడ్డ కట్టించే ట్యూబులో కాదు, హెపారిన్ ఉన్న ఆకుపచ్చ మూత ట్యూబులో. ఎర్రమూత ట్యూబులో రక్తం గడ్డ కట్టేటప్పుడు ప్లేట్‌లెట్లు తమలోని పొటాషియంను బయటికి వదులుతాయి. 14 లక్షలు వదిలితే రిపోర్టులో పెరిగినట్టు కనబడుతుంది, ఒంట్లో పెరిగి ఉండదు. ఇది తెలియక పొటాషియం తగ్గించే మందులు ఇస్తే నిజంగానే తగ్గిపోతుంది, అది ప్రమాదం.

శీను_అనంతపురం
ఆకుపచ్చ ట్యూబులో 4.4 వచ్చింది. నాన్న ఈ రోజు అన్నం తిన్నాడు. మేడం, మీకు ఏం చెప్పాలో తెలియడం లేదు.

మెడికల్స్_రమణ_నంద్యాల
మందుల షాపు నడుపుతున్నాను. ఒకటే చెప్తా. అమ్మగారికి మోకాళ్ల నొప్పులు ఉంటే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి ఇవ్వకండి. షాపులో అడిగితే అవే ఇచ్చేస్తారు. ఆస్పిరిన్ ఆపి ఇవి వేస్తే ఆపినట్టే కాదు. నొప్పికి పారాసిటమాల్ చాలు.

శీను_అనంతపురం
అయ్యో, ఇంట్లో మోకాళ్లకని ఒక స్ట్రిప్ ఉంది. చూస్తే డైక్లోఫెనాకే. తీసేశా.

శీను_అనంతపురం
వాన్ విల్లిబ్రాండ్ రిపోర్టు వచ్చింది. బెంగళూరులోనే రక్తం ఇచ్చాం. మొత్తం ప్రోటీన్ 68 శాతం, పని చేసేది 22 శాతం. డాక్టర్ చూసి, అనుకున్నదే అన్నారు. ఆస్పిరిన్ లేదు, హైడ్రాక్సీయూరియా 500 రోజుకొకటి మొదలుపెట్టారు. రెండు వారాలకోసారి రక్తపరీక్ష. శుక్లం ఆపరేషన్ వాయిదా వేయమన్నారు, కంటి డాక్టరుకు చీటీ రాసిచ్చారు. మందు కొనబోతే షాపతను ఇది క్యాన్సర్ మందు అన్నాడు. అమ్మ అక్కడే ఉంది. దారిపొడుగునా మాట్లాడలేదు.

మెడికల్స్_రమణ_నంద్యాల
అట్లా కౌంటరులో అనకూడదు. సికిల్ సెల్ జబ్బు ఉన్న పిల్లలకు కూడా అదే మందు ఇస్తాం.

ప్రొద్దుటూరు_సుబ్బు
కానీ దాచడం కూడా తప్పే కదా. నేను వెతికాను, దీన్ని రక్త క్యాన్సర్ల జాబితాలోనే పెట్టారు.

స్లైడ్_మేడం_కర్నూలు
పెట్టారు, నిజమే. మజ్జ కణం అదుపు తప్పి పెరుగుతుంది కాబట్టి ఆ జాబితాలో ఉంది. చాలామంది దశాబ్దాలు దీనితోనే మామూలుగా బతుకుతారు. కొద్దిమందికి ఏళ్ల తర్వాత మైలోఫైబ్రోసిస్‌గా, ఇంకా తక్కువమందికి ల్యుకీమియాగా మారుతుంది. అమ్మకు ఈ రెండు మాటలూ కలిపి చెప్పండి శీనూ, ఒకటి దాచి ఒకటి చెప్పకండి.

మందు గురించి ఒక మాట. ఇటలీలో ప్రమాదం ఎక్కువున్న 114 మందిపై చేసిన పరీక్ష ఫలితాలు 1995లో వచ్చాయి. హైడ్రాక్సీయూరియా వేసుకున్నవాళ్లలో 3.6 శాతం మందికి, వేసుకోనివాళ్లలో 24 శాతం మందికి గడ్డలు కట్టాయి. జిలానీగారి లాంటివాళ్లకు ఆ మందు అందుకే. మీ అమ్మకు ఇస్తున్న కారణం వేరు. సంఖ్య దిగితే గొలుసులు తెగిపోవడం ఆగుతుంది, రక్తం కారడం ఆగుతుంది. మందు ఒకటే, పని రెండు.

కడప_జిలానీ
నేను ఏళ్లుగా అదే వేసుకుంటున్నా. గోళ్ల మీద నల్లటి చారలు వచ్చాయి, నోట్లో పుండ్లు అప్పుడప్పుడు. మడమ దగ్గర పుండు పడితే మాత్రం ఆలస్యం చేయకుండా చూపించమన్నారు. దాంతోపాటు గడ్డ కట్టకుండా వార్ఫరిన్ కూడా. ఇప్పుడు 3 లక్షల 80 వేల దగ్గర నిలిచాయి. నాకు నాలుగు లక్షల లోపు ఉంచాలంటారు.

పులివెందుల_స్వాతి
నాకు 29. అదే జబ్బు, 9 లక్షలు, గడ్డల్లేవు. పెళ్లయి ఏడాది, పిల్లలు కావాలి. ఈ మందు వేసుకోవచ్చా?

స్లైడ్_మేడం_కర్నూలు
గర్భం ఆలోచన ఉన్నవాళ్లు హైడ్రాక్సీయూరియా వేసుకోకూడదు. మందు అవసరమే పడితే ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్ వాడతారు. 29 ఏళ్లకు, గడ్డల్లేకుండా 9 లక్షలకు అసలు మందు కావాలా అన్నదే ముందు ప్రశ్న. గర్భం రాకముందే హెమటాలజిస్టూ ప్రసూతి డాక్టరూ ఇద్దరూ మాట్లాడుకోవాలి. నీ జీన్ ఏది స్వాతీ?

పులివెందుల_స్వాతి
జాక్2.

స్లైడ్_మేడం_కర్నూలు
అయితే తక్కువ డోసు ఆస్పిరిన్ సంగతి వాళ్లను తప్పకుండా అడుగు. ఇదిగో, ఇదే జబ్బు. శీను వాళ్లమ్మకు వద్దన్నది నీకు కావాల్సి రావచ్చు.

శీను_అనంతపురం
చాలా రోజుల తర్వాత రాస్తున్నా. 14.2 లక్షల నుంచి 11, తర్వాత 8 లక్షల 10 వేలు. మధ్యలో తెల్లకణాలు 4 వేలకు తగ్గితే కాస్త భయపడ్డాం, డోసు మార్చలేదు, నిలిచాయి. ముక్కులోంచి రక్తం పూర్తిగా ఆగిపోయింది. చేతుల మీద మచ్చలు మాసిపోయాయి. ఆ యాక్టివిటీ టెస్టు మళ్లీ చేస్తే 61 శాతం. కంటి డాక్టర్ తేదీ ఇచ్చారు.

ఇప్పుడు కొత్త తగువు. అనంతపురం డాక్టరుగారు ఇప్పుడైనా ఆస్పిరిన్ మొదలుపెట్టాలంటారు. బెంగళూరు ఆయన అవసరం లేదంటారు.

ప్రొద్దుటూరు_సుబ్బు
ఇప్పుడు యాక్టివిటీ 61 కదా. 30 దాటింది. నేను మొదట చెప్పినట్టు ఆస్పిరిన్ వేసేయొచ్చు.

స్లైడ్_మేడం_కర్నూలు
వేయవచ్చు, వేసి తీరాలని కాదు. క్యాల్‌ఆర్ ఉండి గడ్డలు కట్టే ప్రమాదం తక్కువున్న పేషెంట్ల పాత రికార్డులు పరిశీలించిన స్పెయిన్ డాక్టర్లు, ఆస్పిరిన్ వేసినవాళ్లలో గడ్డలు తగ్గలేదనీ రక్తం కారడం మాత్రం పెరిగిందనీ చూశారు. బెంగళూరు డాక్టర్ దానిని దృష్టిలో పెట్టుకుని ఉంటారు. అయితే అది వెనక్కి తిరిగి చూసిన లెక్క, కొందరికి ఇచ్చి కొందరికి ఇవ్వకుండా చేసిన పరీక్ష కాదు. కాబట్టి అనంతపురం డాక్టరుదీ తప్పని నేను అనను. అమ్మకు బీపీ, షుగర్ ఉన్నాయా?

శీను_అనంతపురం
బీపీ ఉంది, మాత్ర వేసుకుంటుంది. షుగర్ లేదు.

స్లైడ్_మేడం_కర్నూలు
బీపీ ఉండటం ఆస్పిరిన్ వైపు కొంచెం మొగ్గుతుంది. ఇదివరకు రక్తం కారిన చరిత్ర వద్దనే వైపు మొగ్గుతుంది. ఇద్దరు డాక్టర్లూ ఈ రెండింటినీ వేర్వేరుగా తూచారు, అంతే. కంటి ఆపరేషన్ అయ్యేవరకైతే మొదలుపెట్టనక్కర్లేదని నాకనిపిస్తుంది. ఆ తర్వాత కూర్చుని నిర్ణయించుకోవచ్చు. మూడేళ్లలో అమ్మకు 60 దాటుతాయి, అప్పుడు ఎలాగూ మళ్లీ చూస్తారు. అరికాళ్లు, వేళ్లు ఎర్రబడి మంటలు పుడితే మాత్రం వెంటనే చెప్పండి. చిన్న నాళాల్లో ప్లేట్‌లెట్లు పేరుకుంటే అట్లా అవుతుంది, దానికి ఆస్పిరిన్ చాలా బాగా పని చేస్తుంది.

కడప_జిలానీ
ఆ మంటలు నాకు తెలుసు. కాళ్లు బకెట్ నీళ్లలో పెట్టుకుని పడుకునేవాణ్ని.

గుత్తి_చంద్ర
ఇదంతా చదివి వచ్చాను. నాకు నిన్న హెల్త్ చెకప్‌లో 5 లక్షల 10 వేలు. జాక్2 ఎక్కడ చేయించాలి?

తాడిపత్రి_పద్మ
చంద్రా, ముందు ఫెరిటిన్, ఒంట్లో వాపు ఉందేమో చెప్పే సీఆర్పీ చేయించి, నెలా రెండు నెలలాగి మళ్లీ సీబీసీ చేయించు. ఈ మధ్య జ్వరం ఏమైనా వచ్చిందా?

గుత్తి_చంద్ర
పోయిన వారమే పంటి చీము తీయించుకున్నా అక్కా.

తాడిపత్రి_పద్మ
అయితే ముందు అది మానాల.